ఇన్వాయిస్‌లో 500, స్టోర్స్‌లో 480: త్రీ-వే మ్యాచింగ్ ఎలా చేయాలి?

సప్లయర్ బిల్లు కట్టేముందు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకోవాలి. మనం ఏం అడిగామో పర్చేజ్ ఆర్డర్ చెబుతుంది, ఏం అందిందో స్టోర్స్ వాళ్ల గూడ్స్ రిసీట్ చెబుతుంది, దేనికి డబ్బు అడుగుతున్నారో ఇన్వాయిస్ చెబుతుంది. మొత్తం సరిపోయిందా అని చూసి వదిలేయకండి, వరుస వరుసగా పోల్చండి. ఒక వరుసలో ఎక్కువ, ఇంకో వరుసలో తక్కువ ఉన్నా మొత్తం మాత్రం సరిగ్గా కనిపించవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. 500 బేరింగులకు ఆర్డర్ ఇచ్చారు, ఇన్వాయిస్ కూడా 500కే వచ్చింది. రిసీట్‌లో మాత్రం 480 ఉంది.

మొదటి పని: ఆ ఇన్వాయిస్ చెల్లింపును హోల్డ్‌లో పెట్టండి. సప్లయర్‌కి ఫోన్ చేయడం తర్వాత, ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి. అదే ఆర్డర్ మీద రెండో రిసీట్ ఉందా? ఒకరు పెట్టెల్లో, మరొకరు విడిగా లెక్క రాశారా? నా అనుభవంలో సగం గొడవలు ఇక్కడే తేలిపోతాయి.

రెండో పని: డెలివరీ చలానా తీసి చూడండి. మన ఉదాహరణలో సరుకు దించుకున్నప్పుడే దాని మీద "8 తక్కువ" అని రాసి, డ్రైవర్ చేత సంతకం పెట్టించారు. అంటే వచ్చినవి 492. వాటిలో తుప్పు పట్టిన 12 తనిఖీలో రిజెక్ట్ అయ్యాయి, మిగిలినవి 480. అందుకే రిసీట్‌లో వచ్చినవి, ఒప్పుకున్నవి వేర్వేరుగా ఉండాలి. ఇన్వాయిస్‌ని ఒప్పుకున్న సంఖ్యతోనే పోల్చాలి.

మూడో పని: ఈ వివరాలతో సప్లయర్‌కి రాసి, ఆ 20 సంగతి తేల్చండి. దారులు రెండే. ఆయన 20కి క్రెడిట్ నోట్ ఇస్తే, అంటే బిల్లులో ఆ మేరకు తగ్గించినట్టు రాసిస్తే, 480కి డబ్బు కట్టేయొచ్చు. తర్వాత ఆ 20 పంపితే వాటికి కొత్త ఇన్వాయిస్ వస్తుంది. క్రెడిట్ నోట్ ఇవ్వకపోతే పాత ఇన్వాయిస్ హోల్డ్‌లోనే ఉంటుంది. 20 వచ్చాక వాటికి కొత్త రిసీట్ వేసి, పాత ఇన్వాయిస్‌నే పూర్తిగా చెల్లించాలి. అప్పుడు కొత్త ఇన్వాయిస్ ఉండకూడదు. ఈ రెండూ కలిసిపోతే అవే 20 బేరింగులకు రెండుసార్లు కడతాం, ఏడాది చివర లెక్కలు చూసేదాకా ఎవరికీ తెలియదు.

ఆ 20 ఇక అక్కర్లేదనుకుంటే క్రెడిట్ నోట్ తీసుకుని ఆర్డర్‌ను 480 దగ్గరే ముగించండి. తెరిచే ఉంచితే ఎప్పుడో ఒక రోజు ఆ 20 గేటు దగ్గరికి వచ్చేస్తాయి.

చెల్లింపు ఆగిందని టెన్షన్ పడి రిసీట్‌ని 500గా దిద్దమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. స్టాక్‌లో లేని 20 పుస్తకాల్లోకి చేరతాయి. ఇన్వాయిస్ మీద 500 కొట్టేసి 480 రాయడమూ అంతే, సప్లయర్ లెక్కలో 500 అలాగే ఉంటుంది.