క్రోషే మఫ్లర్ అడుగు అంచు ముడుచుకుపోతే: నా అనుభవం

మఫ్లర్ పై అంచు 25 సెంటీమీటర్లు, అడుగు అంచు 22. మధ్యలో కుట్లు పెరిగాయేమో అని లెక్కపెట్టాను, రెండు చోట్లా సమానమే. అంటే లోపం అల్లిక మొదలుపెట్టే గొలుసు కుట్ల వరసలో, ఆ మొదటి చైన్‌లోనే. అంచుని రెండు చేతులతో లాగితే పై వరసలు సాగాయి, చైన్ మాత్రం తాడులా బిగుసుకుంది.

ప్రతి చైన్ తర్వాత దారాన్ని గట్టిగా లాగే అలవాటు నాది. పైగా లూప్ హుక్ మెడ దగ్గర, సన్నటి భాగంలోనే బిగుస్తోంది. అది లావైన కాండం మీదికి జరిగాక తర్వాతి చైన్ వెయ్యాలి. నీళ్లతో తడిపి, సాగదీసి పిన్నులు పెట్టి ఆరబెడితే ఉన్నికి కొంత ఫలితం ఉంటుంది. నాది యాక్రిలిక్, ఆరాక మళ్లీ ముడుచుకుంది. కింద కొత్త బార్డర్ అల్లినా లాభం లేదు, లోపలి చైన్ సాగదు కదా! విప్పేశాను.

ఈసారి చైన్ మాత్రం 5 ఎంఎం హుక్‌తో వేసి, మొదటి వరస నుంచి 4 ఎంఎంకి మారాను. అంచు తిన్నగా వచ్చింది. మరీ పెద్ద హుక్ తీసుకుంటే కింద కన్నాలు కనిపిస్తాయి, ఒకటి రెండు సైజులు చాలు.

వెడల్పాటి దుప్పట్లకైతే నేనిప్పుడు చైనే వెయ్యను. చైన్, సింగిల్ క్రోషే కలిపి ఒకేసారి అల్లే ఫౌండేషన్ కుట్టు వేస్తాను. లూప్ పైకి లాగి, దారం చుట్టి ఒక లూప్‌లోంచి తీస్తే అడుగు చైన్. మళ్లీ చుట్టి రెండింట్లోంచి తీస్తే కుట్టు. తర్వాతి కుట్టుకి హుక్ ఆ అడుగు చైన్‌లోనే గుచ్చాలి. మొదట్లో చిరాకే, కానీ అంచు మిగతా అల్లికలాగే సాగుతుంది.