సీనియర్ టీచర్, కొత్త టీచర్ మధ్య మెంటరింగ్ ఒప్పందం ఎలా రాసుకోవాలి?

ఒప్పందం అనగానే స్టాంపు పేపర్లు గుర్తొస్తాయి గానీ, దీనికి ఒక పేజీ చాలు. మొదటి వారంలోనే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రాసుకోవాలి. సీనియర్ ముందే రాసి తెచ్చి సంతకం పెట్టమంటే అది ఒప్పందం కాదు, సర్క్యులర్.

ముందుగా ఎవరి నుంచి ఏం కావాలో రాయండి. "సహకరిస్తాను" లాంటి మాటలు వద్దు. ఏడో తరగతికి లెక్కలు చెప్పే కొత్త టీచర్‌కి పీరియడ్ చివరి పది నిమిషాల్లో క్లాసు చేయి దాటిపోతోందనుకుందాం. అప్పుడు సీనియర్ వైపు నుంచి ఇలా రాసుకోవచ్చు: "నెలకు రెండుసార్లు మీ క్లాసులో వెనక కూర్చుంటాను. మీరు చూడమన్నదే చూస్తాను. మధ్యలో కల్పించుకోను." కొత్త టీచర్ వైపు నుంచి: "ఏం చూడాలో ముందురోజే చెబుతాను." ఆవిడ చూడమన్నది, ఒకే సూచనను ఎన్నిసార్లు చెప్పాల్సి వస్తోందో. సీనియర్ ఆ లెక్కే రాసుకుంటారు. బోర్డు మీద చేతిరాత గురించి మాట్లాడరు, ఎంత నోరు దురదపెట్టినా.

తర్వాత సమయం. మొదటి రెండు నెలలు వారానికోసారి, నలభై నిమిషాలు. ఆ తర్వాత పదిహేను రోజులకోసారి సరిపోతుంది. "వీలున్నప్పుడు కలుద్దాం" అని రాస్తే మూడో వారానికే ఆగిపోతుంది. టైంటేబుల్లో ఇద్దరికీ ఖాళీగా ఉన్న పీరియడ్ వెతికి, దాని నంబరు రాయండి. క్లాసు చూశాక మర్నాటిలోగా మాట్లాడుకోవాలి. ఆలస్యమైతే ఆ క్లాసులో ఏం జరిగిందో ఇద్దరికీ సరిగా గుర్తుండదు.

అసలు చిక్కంతా గోప్యత దగ్గరే. ఒకరోజు హెడ్‌మాస్టర్ వరండాలో ఆపి, "కొత్తమ్మాయి ఎలా చెబుతోందండీ?" అని మామూలుగానే అడుగుతారు. సీనియర్ "పర్లేదు సార్, క్లాసు కంట్రోలే కొంచెం..." అన్నారంటే చాలు. ఆ మాట తిరిగి కొత్త టీచర్ చెవిన పడ్డాక ఆవిడ తన ఇబ్బందులు చెప్పడం మానేస్తుంది. మీటింగులు జరుగుతూనే ఉంటాయి, "అంతా బాగానే ఉంది మేడం" అన్న జవాబుతో. అలాంటి జవాబులు వరసగా వస్తుంటే మాట ఎక్కడో బయటికి పొక్కిందేమో చూసుకోవాలి.

అందుకే జవాబు కూడా ఒప్పందంలోనే రాయండి: "ఎన్నిసార్లు కలిశామో చెబుతాను. ఏం మాట్లాడుకున్నామో ఆవిడనే అడగండి సార్." ఈ వాక్యాన్ని హెడ్‌మాస్టర్‌కి మొదట్లోనే చూపించాలి. పనితీరు మీద రిపోర్టు రాసే బాధ్యత మెంటర్‌కి ఉండకూడదు. ఆ బాధ్యత తప్పదంటే మాత్రం, దాచకుండా ఆ సంగతి ఒప్పందంలో ముందే రాయాలి. క్లాసు చూసి రాసుకున్న కాగితం కొత్త టీచర్‌కే ఇచ్చేయాలి, కాపీ ఉంచుకోకూడదు. సీనియర్ తోటి టీచర్ల గురించి అన్న మాటల్ని కొత్త టీచర్ కూడా స్టాఫ్‌రూమ్‌లో చెప్పకూడదు.

ఒక్క మినహాయింపు ఉంది. పిల్లలకు హాని జరుగుతోందని తెలిస్తే గోప్యత వర్తించదు, స్కూల్ నిబంధనల ప్రకారం వెంటనే చెప్పాల్సిందే. ఇది కూడా రాతలో ఉండాలి.

చివర్లో రెండు తేదీలు వేయండి. ఒకటి ఆరు వారాల తర్వాత ఒప్పందాన్ని మళ్లీ చదివి మార్చుకోవడానికి, రెండోది ముగింపుకి. పొసగకపోతే, కారణం చెప్పకుండానే ఇద్దరిలో ఎవరైనా వేరే జోడీ అడగవచ్చని ఒక వాక్యం చేర్చి, సంతకాలు చేసి చెరో కాపీ ఉంచుకోండి.