అద్దె ఇంటి ఉత్తరాలు – 4వ పాఠం: నోటికి చెప్పిన ‘ఖాళీ చేయండి’కి జవాబు

క్రితం పాఠంలో అగ్రిమెంటు చదివి షరతులకు నంబర్లు వేసుకున్నాం. ఈసారి ఆ కాగితం పక్కన పెట్టుకుని ఒక్క ఉత్తరం రాద్దాం.

హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఒక ఫ్లాటు అనుకోండి. 2025 జూన్ 1 నుంచి పదకొండు నెలల అగ్రిమెంటు, అంటే 2026 ఏప్రిల్ 30 దాకా. నవంబర్ 9 సాయంత్రం ఓనరు గారు వచ్చి, “మా అబ్బాయి వస్తున్నాడు, నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేసేయండి” అన్నారు. చేతికి కాగితం ఏమీ ఇవ్వలేదు. అగ్రిమెంటులో 8వ షరతు మాత్రం, ఎవరు ముగించాలన్నా రెండు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలంటోంది.

రాసే ముందు రెండు చూసుకోవాలి. అద్దె బాకీ ఉందా? చాలా అగ్రిమెంట్లలో అద్దె కట్టకపోతే వెంటనే ఖాళీ చేయించవచ్చన్న షరతు వేరే ఉంటుంది. బాకీ పెట్టుకుని 8వ షరతు చూపిస్తే ఎదుటివారు ఆ బాకీ షరతు చూపిస్తారు. అందుకే ముందు బాకీ తీర్చి, తర్వాత రాయండి. రెండోది గడువు. అగ్రిమెంటు తేదీ దాటిపోయి, ఓనరు అద్దె తీసుకుంటూనే ఉంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం మామూలుగా అది నెలనెలా సాగే అద్దె అవుతుంది. అప్పుడు పాత షరతు ఒక్కటే పట్టుకోకుండా 106వ సెక్షన్ కూడా చూపాలి. వేరే ఒప్పందం లేనప్పుడు అలాంటి అద్దెకు పదిహేను రోజుల నోటీసు, అదీ రాతలో, సంతకంతో ఇవ్వాలని ఆ సెక్షన్ చెబుతుంది. మన ఉదాహరణలో గడువు ఇంకా ఉంది కాబట్టి 8వ షరతు చాలు.

ఇక ఉత్తరం:

“ఓనరు గారికి నమస్కారం.
నవంబర్ 9న మీరు ఇంటికి వచ్చి, నెలాఖరుకు ఖాళీ చేయమని నోటిమాటగా చెప్పారు. మన అగ్రిమెంటులోని 8వ షరతు ఇలా ఉంది: ‘ఇరుపక్షాలలో ఎవరు ఈ ఒప్పందాన్ని ముగించదలచినా రెండో పక్షానికి రెండు నెలల ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి.’ నాకు అటువంటి నోటీసు అందలేదు. కనుక నవంబర్ 30కి ఇల్లు ఖాళీ చేయడం నాకు కుదరదు. నవంబర్ దాకా అద్దె చెల్లించాను, ఇకముందు కూడా ఎప్పటిలాగే మీ ఖాతాలో వేస్తాను. మీరు ఇల్లు కావాలనుకుంటే 8వ షరతు ప్రకారం నోటీసు పంపగలరు.
ఇట్లు, (పేరు, సంతకం, తేదీ)”

షరతును నా మాటల్లో కుదించకుండా అగ్రిమెంటులో ఉన్నది ఉన్నట్టు దించాను. అది ఇంగ్లీషులో ఉంటే ఇంగ్లీషులోనే దించండి. అనువాదం చేస్తే వాదన అనువాదం మీదికి మళ్లుతుంది. “ఎప్పటికీ ఖాళీ చేయను” అనలేదు. ఆ తేదీకి, ఆ పద్ధతిలో కుదరదన్నాను. ఈ ఉత్తరం ఇల్లు మీదే అనే హక్కు ఇవ్వదు, ఒప్పుకున్న వ్యవధి మాత్రమే కాపాడుతుంది. అబ్బాయి నిజంగా వస్తున్నాడా అని అడగలేదు. ఆ షరతులో కారణం ప్రస్తావనే లేదు, అడిగితే తగవు పెరుగుతుంది.

ఎక్కువమంది జారేది ఒకచోటే. మెత్తగా ఉండాలని “జనవరి 9కి ఖాళీ చేస్తాను” అని చివర్లో కలుపుతారు. రాని నోటీసును వచ్చినట్టు మీరే ఒప్పుకుని, నవంబర్ 9 నుంచి లెక్క మొదలుపెట్టినట్టవుతుంది. నోటీసు రాతలో అందాకే ఆ రెండు నెలలు లెక్కపెట్టాలి. నవంబర్ 20న అందితే జనవరి 20 దాకా. అలాగే “అడ్వాన్సులో పట్టుకోండి” అని అద్దె ఆపడం కూడా వద్దు. నిన్నటిదాకా లేని బాకీని మీ చేత్తోనే పుట్టించినట్టు అవుతుంది.

ఉత్తరాన్ని అగ్రిమెంటులో ఉన్న ఓనరు చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అదే కాగితం ఫొటో వాట్సాప్‌లో పెట్టండి. ఫోన్ వస్తే మర్యాదగా, “ఉత్తరంలో రాశానండీ, మీరూ రాసి పంపండి” అంటే చాలు. మాటల్లో తేదీ ఏదీ ఒప్పుకోవద్దు.

సాధన: మీ అగ్రిమెంటులో నోటీసు షరతు వెతికి, దాని నంబరు, వ్యవధి, ‘రాతపూర్వకంగా’ అన్న మాట ఉందో లేదో రాసుకోండి. పై ఉత్తరంలో మీ వివరాలు పెట్టి తిరగరాయండి. ఉత్తరం అందాక తాళం మార్చేస్తానని బెదిరిస్తే ఏం రాయాలో 5వ పాఠంలో.