ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా పెద్దవాళ్ళకు రక్తం పెరగకపోతే: మజ్జ దాకా ఎలా వెతకాలి?

మా పెద్దమామది గుత్తి దగ్గర పల్లె. వయసు 72. నిరుడు వేసవిలో చేను గట్టు ఎక్కి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాడు. "టానిక్కులు తాగీ తాగీ నోరు చేదెక్కింది గానీ, కాళ్ళల్లో సత్తువ రాలేదురా" అన్నాడు. నేను అనంతపురంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మూడేళ్ళుగా ఆయన వాడుతున్నది ఐరన్ మాత్రలేనని తెలిసి, ఇంట్లో ఉన్న పాత రిపోర్టులన్నీ తెప్పించాను. అసలు సంగతి మొదటి నుంచీ వాటిలోనే ఉంది. ఒక్క గడిని ఎవరూ చూడలేదు, అంతే.

మీ ఇంట్లో అరవై దాటిన వాళ్ళకు రక్తం మెల్లమెల్లగా తగ్గుతూ, మాత్రలకు లొంగకుండా ఉంటే ఏ వరసలో వెతకాలో చెబుతాను.

ముందు పాత రిపోర్టులు తేదీల వారీగా పేర్చండి

ఒక్క రిపోర్టు చూస్తే ఏమీ తెలియదు. నాలుగు పక్కపక్కన పెట్టాలి. ఒక నోటుపుస్తకంలో తేదీ, హిమోగ్లోబిన్, ఎంసీవీ, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అని గళ్ళు గీసి రాయండి. మామవి రాస్తే ఇలా వచ్చాయి. 2021లో హిమోగ్లోబిన్ 11.8, ఎంసీవీ 97, ప్లేట్‌లెట్లు 1,70,000. 2022లో 10.6, 101, 1,45,000. 2023లో 9.1, 105, 1,20,000. 2024లో 8.2, 107, 98,000.

హిమోగ్లోబిన్ తగ్గడం అందరికీ కనిపించింది. ఎంసీవీ అంటే ఎర్రకణం సగటు పరిమాణం. మామూలుగా అది 80 నుంచి 100 మధ్య ఉంటుంది. ఐరన్ లోపంతో రక్తం తగ్గితే కణాలు చిన్నవై ఈ అంకె 80 కిందికి దిగుతుంది. మామకేమో ఏటా పెరుగుతూ పోయింది. అంటే ఐరన్ మాత్రలతో తీరే జబ్బు కాదని 2022లోనే కాగితం చెప్పింది. దానికి తోడు ప్లేట్‌లెట్లు కూడా తగ్గుతున్నాయి. రెండు రకాల కణాలు కలిసి తగ్గుతుంటే, తిండిలో లోపంతో పాటు, ఎముకల లోపల రక్తకణాలు తయారయ్యే మజ్జను కూడా అనుమానించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. రక్తం తీసిన వంగపండు రంగు మూత గొట్టం మన ఎండల్లో ఒక రోజంతా బయట ఉంటే, కణాలు ఉబ్బి ఎంసీవీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పల్లెలో పొద్దున తీసిన రక్తం మరుసటి రోజు పట్నం ల్యాబుకు చేరితే ఆ అంకెను నమ్మకండి. ల్యాబుకే వెళ్ళి మళ్ళీ ఇవ్వండి. ఇంకో మాట, ఎంసీవీ మామూలుగా ఉన్నంత మాత్రాన మజ్జ జబ్బు లేదని కాదు. కొందరిలో అది పెరగదు.

నయమయ్యే కారణాలను ముందు పక్కకు తియ్యండి

ఎంసీవీ పెరిగి రక్తం తగ్గిన వాళ్ళలో మొదట చూడాల్సింది బి12 లోపం. మన దగ్గర ఇది చాలా మామూలు. కూరగాయల భోజనం చేసేవాళ్ళలో, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ మాత్ర, గ్యాస్ మాత్ర వాడేవాళ్ళలో ఇంకా ఎక్కువ. బి12 లోపంలో కూడా కణాలు పెద్దవవుతాయి, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. మజ్జ తీసి చూసినా ఒక్కోసారి ఎండీఎస్ అనే మజ్జ జబ్బులాగే కనిపిస్తుంది. అందుకే దీన్ని తేల్చకుండా ముందుకు పోకూడదు.

మన వాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. నీరసం అనగానే మందుల షాపులో బి12 సూది వేయించుకుని, వారం తర్వాత పరీక్షకు వస్తారు. అప్పుడు రక్తంలో బి12 బోలెడంత కనిపిస్తుంది, లోపం ఉండిందా లేదా అన్నది ఇక తేలదు. రక్తం ముందు ఇవ్వాలి, సూది తర్వాత వేయించుకోవాలి. రక్తం ఎక్కించే ముందు కూడా ఇంతే. వేరేవాళ్ళ కణాలు కలిశాక మన కణాల తీరు మసకబారిపోతుంది.

అదే రోజు ఫోలేట్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్, క్రియాటినిన్, లివర్ పరీక్షలు, రెటిక్యులోసైట్ కౌంట్ కూడా రాయించుకోండి. మద్యం అలవాటు, కీళ్ళనొప్పులకు వాడే మెథోట్రెక్సేట్ లాంటి మందులు డాక్టరు దగ్గర దాచవద్దు. వాటివల్ల కూడా ఎంసీవీ పెరుగుతుంది.

రెటిక్యులోసైట్లు అంటే మజ్జ నుంచి అప్పుడే బయటికొచ్చిన పసి ఎర్రకణాలు. రక్తం తగ్గితే వీటి సంఖ్య పెరగాలి. మామకు హిమోగ్లోబిన్ 8 దగ్గర ఉన్నా ఇవి పెరగలేదు. బి12 అటూ ఇటూ కాకుండా ఉంటే డాక్టరు గారు సూదులు వేసి చూద్దామన్నారు. బి12 లోపమే అయితే వారం రోజుల్లో పసి కణాలు గుంపుగా పెరుగుతాయి, నెల, రెండు నెలల్లో హిమోగ్లోబిన్ లేస్తుంది. మామకు ఆరు వారాల తర్వాత 8.0. ఉన్న చోటనే ఉంది.

రక్తపు చుక్కను కంటితో చూడమనండి

మెషీన్ లెక్కపెడుతుంది గానీ కణం ఆకారం చెప్పలేదు. స్లైడ్ మీద చుక్కను పరిచి మైక్రోస్కోపు కింద చూసే పరీక్షను పెరిఫెరల్ స్మియర్ అంటారు. మామ స్లైడ్ నేనే చూశాను. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం ఆరోగ్యంగా ఉంటే దాని కేంద్రకం మూడు నాలుగు ముక్కలుగా ఉంటుంది, లోపల ఇసుక చల్లినట్టు రేణువులుంటాయి. మామవాటిలో చాలా కణాలకు రెండే ముక్కలు, మధ్యన సన్నటి దారంతో కలిపిన కళ్ళజోడులా ఉన్నాయి. రేణువులు దాదాపు లేవు. కుర్చీలోంచి లేచి మా పాథాలజిస్టు మేడంను పిలిచాను. ఆమె చాలాసేపు చూసి, "మజ్జ తీయించండి" అన్నారు.

జబ్బు ఏమిటో మామకు చెప్పిన తీరు

మామ వేరుశనగ రైతు. కాబట్టి అలాగే చెప్పాను. చెట్టు పీకితే వేరుకు నిండుగా కాయలుంటాయి, ఒలిస్తే అన్నీ తాలు. మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్, పొట్టిగా ఎండీఎస్, అలాంటిదే. ఈ జబ్బులో చాలామందికి మజ్జ ఖాళీగా ఉండదు, నిండుగా ఉంటుంది. కానీ వయసుతో పాటు ఒక మూలకణంలో జన్యువులు చెడి, దాని సంతానమంతా లోపంతో పుడుతుంది. అవి ఎదగకుండానే మజ్జలోపలే చనిపోతాయి. రక్తంలోకి వచ్చేవి కొన్నే, వాటి పని కూడా అంతంతే.

"క్యాన్సరా?" అని అడిగాడు. అబద్ధం చెప్పలేదు. దీన్ని రక్త క్యాన్సర్ల జాబితాలోనే వేస్తారు. కానీ అందరిలో ఒకలా నడవదు. కొందరు ఏళ్ళ తరబడి మెల్లగా సాగుతారు, కొందరికి త్వరగా ల్యుకేమియాగా మారుతుంది. ఎవరు ఏ దారిలో ఉన్నారో తేల్చేది మజ్జ పరీక్షే.

మజ్జ పరీక్షకు ఎలా వెళ్ళాలి

"వెన్నులో సూది పొడుస్తారంట, కాళ్ళు పడిపోతాయంట" అని మా అత్త ఏడ్చింది. వెన్నుపామును ఎవరూ తాకరు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నడుము కింద వెనకవైపు తగిలే తుంటి ఎముకలోంచి తీస్తారు. మత్తు సూది వేస్తారు, అరగంటలోపు అయిపోతుంది. మజ్జను సిరంజితో లాగే కొన్ని క్షణాలు మాత్రం లోపల గుంజినట్టు నొప్పి ఉంటుంది, దానికి మత్తు పనిచేయదు. ఆ సంగతి ముందే చెప్తే మనిషి ఓర్చుకుంటాడు. గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందుగా డాక్టరుకు చెప్పండి, సొంతంగా ఆపవద్దు. కట్టు ఒక రోజు తడవకూడదు.

వెళ్ళే ముందు తప్పకుండా ఒకటి అడగండి: "సైటోజెనెటిక్స్‌కు కూడా ఇదే సూదిలో తీస్తారా?" క్రోమోజోములు చూసే ఈ పరీక్షకు కణాలు బతికుండాలి. వాటిని వేరే గొట్టంలో తీసి, ఆలస్యం లేకుండా ల్యాబుకు పంపాలి. మన జిల్లాల నుంచి ఎక్కువగా హైదరాబాదుకో బెంగళూరుకో పోతుంది, రిపోర్టుకు రెండు మూడు వారాలు పడుతుంది. ఆ రోజు తీయకపోతే పెద్దమనిషిని మళ్ళీ పొడవాలి. అలా రెండోసారి వచ్చినవాళ్ళను చూశాను, వాళ్ళ ముఖాలు మర్చిపోలేను.

రిపోర్టు వచ్చాక అడగాల్సింది: ఏ రిస్కు?

హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, న్యూట్రోఫిల్లు, మజ్జలో బ్లాస్టులు అనే ఎదగని కణాల శాతం, క్రోమోజోములు. ఈ ఐదింటికి మార్కులు వేసి రిస్కు తేలుస్తారు. బ్లాస్టులు 20 శాతం చేరితే అది అక్యూట్ ల్యుకేమియా. మామకు బ్లాస్టులు 2 శాతం, క్రోమోజోములు మామూలుగా ఉన్నాయి. మొత్తం 2.5 మార్కులు, తక్కువ రిస్కు.

తక్కువ రిస్కు వాళ్ళకు వైద్యమంతా రక్తం నిలబెట్టడానికే. ఎర్రకణాలు తయారుచేయమని మజ్జకు చెప్పే హార్మోను ఎరిత్రోపోయిటిన్, దాన్నే సూదిగా ఇస్తారు. వైద్యానికి ముందు అది రక్తంలో ఎంత ఉందో కొలిపించాలి. 500 దాటితే ఆ సూది పనిచేయడం అరుదు, 200 లోపు ఉంటే ఆశ ఎక్కువ. మామకు 140. వారానికొక సూది మొదలుపెట్టారు. దీని ఫలితం తేలాలంటే రెండు మూడు నెలలు ఆగాలి. నెలకే "పని చేయలేదు" అని మానేస్తే డబ్బు, అవకాశం రెండూ పోతాయి. మామకు మూడు నెలలకు 9.8 వచ్చింది. హిమోగ్లోబిన్ 12 దాటనివ్వకూడదు, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఐదో క్రోమోజోములో ముక్క పోయిన రకానికి లెనలిడమైడ్ మాత్ర బాగా పనిచేస్తుంది. క్రోమోజోములు చూడాలని అంత పట్టుబట్టేది ఇందుకే. రిస్కు ఎక్కువైతే అజాసిటిడిన్ సూదుల దారి వేరు, అది హిమటాలజిస్టు చేతిలో ఉండాలి. ఖర్చు సంగతి ఆసుపత్రిలోని వైద్య సేవ కౌంటర్లో మొదటి రోజే అడగండి.

రక్తం ఎక్కించడం మొదలైతే

సూది శాశ్వతం కాదు. కొన్నాళ్ళకు పట్టు తప్పుతుంది, అప్పుడు రక్తం ఎక్కించాల్సి వస్తుంది. ఒక్కో సంచిలో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది గుండెలో, లివర్లో పేరుకుంటుంది. అందుకే ఫెరిటిన్ తక్కువని తేలనిదే ఇంట్లో మిగిలిన ఐరన్ మాత్రలు వాడవద్దు. దాదాపు 20 సంచులు దాటాకగానీ, ఫెరిటిన్ 1000 దాటాకగానీ ఐరన్ తీసే మాత్ర గురించి డాక్టరును అడగాలి.

100.4 డిగ్రీల జ్వరం వస్తే, ముఖ్యంగా తెల్లకణాలు తగ్గి ఉన్నప్పుడు, పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకండి. అదే రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చిగుళ్ళ నుంచి నెత్తురు, ఒంటి మీద చీమ కుట్టినంత ఎర్రచుక్కలు వచ్చినా అంతే.

అదే నోటుపుస్తకంలో ఇంకో గడి గీయండి: రక్తం ఎక్కించిన తేదీ. మామ పుస్తకంలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. నిండడం మొదలయ్యాక ఒక తేదీకీ ఇంకో తేదీకీ మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టండి. ఆరు వారాలున్నది నాలుగై, మూడైతే, మజ్జ మళ్ళీ చూడాల్సిన సమయం వచ్చిందా అని డాక్టరును అడగండి.