పాత సారాంశాన్నే మళ్లీ కుదిస్తే జరిగేది

వారవారం మీటింగ్ నోట్సును పాత సారాంశానికి కలిపి మళ్లీ కుదిస్తూ పోతే ముందుగా ఎగిరిపోయేవి షరతులు. "టెస్టింగ్ పూర్తయితే 12న విడుదల, లేదంటే 19న" అన్నది రెండో విడతలో "12న విడుదలయ్యే అవకాశం" అవుతుంది. మూడో విడతకు "12న విడుదల" అని ఖాయమైపోతుంది, 19 ఊసే ఉండదు. రాసేవారి ముందు అసలు వాక్యం లేదు కాబట్టి తేడా కనిపించదు. పైగా కుదించిన వాక్యమే చదవడానికి బాగుంటుంది, చిక్కంతా అక్కడే.

అందుకే పాత సారాంశం మీద కొత్తది కట్టడం మానేశాను. నెల సారాంశం కావాలంటే ఆ నెల అసలు నోట్సులన్నీ తెరవాల్సిందే. పని కాస్త పెరుగుతుంది, తప్పదు. తేదీలు, అంకెలు, "అయితే", "తప్ప" ఉన్న వాక్యాలను మాత్రం కుదించకుండా, మీటింగ్ తేదీ పక్కన వేసి, వేరే పట్టికలో ఉన్నదున్నట్టు ఉంచుతాను. సారాంశం పూర్తయ్యాక ఆ పట్టికతో ఒక్కో వరుసా సరిచూస్తే, ఏ షరతు జారిపోయిందో వెంటనే దొరుకుతుంది.