సెలవుల లెక్క మన దగ్గరా ఉండాలి

పైడిభీమవరం పరిశ్రమల్లో షిఫ్టుల్లో పనిచేసేవారు చాలామంది సెలవు సంగతిని సూపర్‌వైజరుకు వాట్సాప్‌లోనో నోటిమాటగానో చెబుతారు. ఆయన బదిలీ అయ్యాక మస్టరులో ‘గైర్హాజరు’ అన్న గుర్తు ఒక్కటే మిగులుతుంది. అందుకే ఏ తేదీకి సెలవు, ఎవరిని ఎప్పుడు అడిగాం, ఏమని జవాబు వచ్చింది అన్న వివరాలను అదే రోజు నోటుపుస్తకంలో రాసుకోవాలి. వివాదం వచ్చాక గుర్తు తెచ్చుకుని రాసినదానికి అంత విలువ ఉండదు. నోటిమాటగా అనుమతి దొరికితే, “12వ తేదీ సెలవుకు మీరు ఒప్పుకున్నారు, ధన్యవాదాలండి” అని వెంటనే సందేశం పంపాలి. జవాబు లేని సందేశం మనం సమాచారం ఇచ్చామని చూపుతుందే తప్ప, సెలవు మంజూరైందని చూపదు. స్క్రీన్‌షాట్ తీసినా అసలు సందేశాన్ని తుడిచివేయకూడదు. జీతం చీటీ రాగానే కోత పడిన రోజులను పుస్తకంతో సరిచూసుకుని, తేడా ఉంటే ఆ నెలలోనే రాతపూర్వకంగా తెలపాలి.