ఒక నెల 11, మరుసటి నెల 18: డెలివరీ బండ్ల మైలేజీ రిపోర్టులో తేడా ఎక్కడుంది?

లక్షణం: బండి అదే, రూటు అదే, లోడూ అంతే. ఆగస్టు రిపోర్టులో లీటరుకు 11 కిలోమీటర్లు, సెప్టెంబరులో 18. ఆగస్టు చూసి డ్రైవరును నిలదీస్తారు, సెప్టెంబరు చూసి మెచ్చుకుంటారు. రెండూ అనవసరమే. తగ్గిన నెల పక్కనే పెరిగిన నెల కనిపిస్తే డీజిల్ దొంగతనం సంగతి తర్వాత, ముందు నెలాఖరు ఫిల్లింగు తేదీలు చూడండి. ఈ ఒక్క పని మానేసి ఇంజెక్టర్లు విప్పించేవాళ్లే ఎక్కువ.

కారణం: ఫ్యూయల్ కార్డు స్టేట్‌మెంటు చెప్పేది కొన్న డీజిల్ గురించి, ట్రిప్ షీటు చెప్పేది తిరిగిన దూరం గురించి. నెల మొదట్లో కొట్టించిన డీజిల్ కొంత పోయిన నెల ఖాళీ చేసిన ట్యాంకును నింపుతుంది. నెలాఖరున కొట్టించింది వచ్చే నెల కాలుతుంది. క్యాలెండరు నెల లీటర్లతో క్యాలెండరు నెల కిలోమీటర్లను భాగిస్తే రెండు వేర్వేరు ముక్కల్ని కలిపినట్టే.

60 లీటర్ల ట్యాంకున్న ఒక పికప్ లెక్క చూద్దాం. ప్రతిసారీ ఫుల్ ట్యాంకే. జులై 24న ఓడోమీటరు 47,580. ఆగస్టు 1 పొద్దున్నే 45 లీటర్లు, 9న 40, 17న 41, 25న 39, మళ్లీ 31 రాత్రి 35, అప్పటికి రీడింగు 50,392. మొత్తం 200 లీటర్లు. ట్రిప్ షీట్లలో ఆగస్టు దూరం 2,200 కిలోమీటర్లు, అంటే లీటరుకు 11. సెప్టెంబరులో మూడే ఫిల్లింగులు: 7న 39, 15న 40, 23న 40. ఆ తర్వాతది అక్టోబరు 1న. 2,180 కిలోమీటర్లకు 119 లీటర్లు, అంటే 18.3.

పరిష్కారం: లీటర్లను ముట్టుకోకండి, కిలోమీటర్లు కొలిచే చోటు మార్చండి. పోయిన నెల చివరి ఫుల్ ట్యాంకు నుంచి ఈ నెల చివరి ఫుల్ ట్యాంకు దాకా ఓడోమీటరు తేడా తీయండి. ఆగస్టుకు 50,392 లోంచి 47,580 తీసేస్తే 2,812. దాన్ని 200తో భాగిస్తే 14.06. సెప్టెంబరు 23న రీడింగు 52,063, తేడా 1,671, లీటర్లు 119, మైలేజీ 14.04. బండికి ఏ జబ్బూ లేదు.

ఎక్సెల్‌లో `Fuel` షీటులో A బండి నంబరు, B తేదీ, C ఓడోమీటరు, D లీటర్లు అనుకుందాం. రిపోర్టు షీటులో A2లో బండి నంబరు, B2లో పోయిన నెల చివరి ఫుల్ రీడింగు, C2లో ఈ నెలది ఉంచితే, మైలేజీకి తీసుకోవాల్సిన లీటర్లు ఇలా వస్తాయి:

```
=SUMIFS(Fuel!D:D,Fuel!A:A,A2,Fuel!C:C,">"&B2,Fuel!C:C,"<="&C2)
```

మొదటి గుర్తు `>` మాత్రమే, `>=` పెట్టొద్దు. పెడితే పోయిన నెల చివరి ఫిల్లింగు రెండు నెలల్లోనూ లెక్కకొస్తుంది.

ఇక్కడే ఇంకో చిక్కు. ఫుల్ కాని ఫిల్లింగును హద్దుగా తీసుకుంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కార్డు డేటాలో అది ఫుల్లో కాదో తెలియదు. బిల్లు సరిగ్గా 2,000 రూపాయలో 3,000 రూపాయలో ఉంటే అనుమానించండి. అయితే ఫుల్ అయ్యాక కూడా బంకువాళ్లు రౌండు ఫిగరుకు తెస్తారు కాబట్టి అదొక్కటే రుజువు కాదు. అందుకే డ్రైవర్ల చేత ప్రతి బిల్లు మీదా ‘ఫుల్’ అనో ‘కాదు’ అనో రాయించండి. నెలలో చివరిది ఫుల్ కాకపోతే, దాని ముందున్న ఫుల్ దగ్గరే ఆపి, మిగిలిన లీటర్లను మైలేజీ లెక్కలో వచ్చే నెలకు వదిలేయండి. డబ్బు మాత్రం ఈ నెల ఖర్చే. అందుకని ‘కొన్న లీటర్లు’, ‘మైలేజీకి తీసుకున్న లీటర్లు’ అని రెండు కాలమ్‌లు వేరుగా ఉండాలి, లేకపోతే అకౌంట్స్ వాళ్లతో ప్రతి నెలా తగాదానే.

బంకులో తప్పు కొట్టిన ఓడోమీటరు కూడా ఈ పద్ధతిని చెడగొడుతుంది. 50,392 బదులు 53,092 పడితే, తేదీ వరుసలో పేర్చినప్పుడు ఆ తర్వాతి రీడింగు వెనక్కి పోతుంది. ఫార్ములా వేసే ముందే దాన్ని దిద్దండి. మీటరు పాడైన బండికి మొదటి నుంచి చివరి దాకా జీపీఎస్ దూరమే వాడండి, సగం అదీ సగం ఇదీ వద్దు.

అన్ని బండ్లకూ ప్రతి నెలా ఒకే తీరుగా తక్కువ వస్తుంటే ట్రిప్ షీటులో ఖాళీగా తిరిగొచ్చిన దూరం రాయడం లేదేమో చూడండి. ఒక బండికి డీజిలే లేకుండా దూరం కనిపిస్తే బండి నంబరులో స్పేసో, సున్నా బదులు ఇంగ్లీషు O అక్షరమో ఉంటుంది. సీఎన్‌జీ బండ్లది కేజీల లెక్క, డీజిల్ సగటులో కలపొద్దు. 60 లీటర్ల ట్యాంకుకు 75 లీటర్ల బిల్లు వచ్చిందంటే ఇక రిపోర్టు పని అయిపోయింది, డ్రైవరును పిలవాల్సిందే.